బ్లెండర్‌లో కిటికీ వెలుగు మెత్తగా రావాలంటే

ప్రశ్న: లివింగ్ రూమ్ రెండర్‌లో పెద్ద కిటికీ ఉన్నా వెలుగు గట్టిగా పడుతోంది, లినెన్ సోఫా ప్లాస్టిక్‌లా ఉంది, ఏం చేయాలి?

సూర్యుడు నేరుగా లోపల పడుతున్నాడండీ, చెక్క ఫ్లోర్ మీద నీడ అంచు కత్తితో కోసినట్టుంటే అదే గుర్తు. బెంగళూరులో మొన్న ఓ ఫ్లాట్ చేశా, హాలు కిటికీ ఉత్తరం వైపు, అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం ఆకాశం వెలుగే వస్తుంది కదా, అందుకే స్కై టెక్స్చర్‌లో `Sun Disc` తీసేసి, కిటికీ సైజులో ఏరియా లైట్ పెట్టి లోపలికి తిప్పి `Portal` ఆన్ చేశా. పోర్టల్ తనంతట వెలుగివ్వదు, సైకిల్స్‌కి ఆకాశం ఎటుందో చూపిస్తుంది, దాంతో గ్రెయిన్ తగ్గుతుంది. గది చీకటైతే `Exposure` పెంచండి, కొత్త లైట్లు వద్దు. సోఫాకి `Roughness` 0.9 దాకా పెట్టి, నేత కనిపించేలా సన్నటి బంప్ ఇవ్వండి. ఇంకోటి, ఫ్లోర్ టేకు రంగు మరీ గాఢమైతే దాని మీద పడి తిరిగొచ్చే వెలుగుతో సోఫా కింద భాగం నారింజగా మారుతుంది, అప్పుడు ఫ్లోర్ టెక్స్చర్ సాచురేషన్ కాస్త తగ్గించండి.