ఇన్‌ఫ్లుయెన్సర్ కోడ్ కూపన్ సైట్లకు పాకితే కమీషన్ ఎలా లెక్కకట్టాలి?

ప్రశ్న: మాది చిన్న దుస్తుల బ్రాండ్. ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కు ఇచ్చిన కోడ్ మీద మూడు నెలలుగా ఆర్డర్లు పెరుగుతున్నాయి కానీ మొత్తం అమ్మకాలు మాత్రం అలాగే ఉన్నాయి. వెతికితే ఆ కోడ్ రెండు మూడు కూపన్ సైట్లలో కనిపించింది. ఆమే ఇచ్చిందంటారా? కమీషన్ మొత్తం ఇవ్వాలా, ఒప్పందం ఆపేయాలా?

జవాబు:

ఆమెను అనుమానించే ముందు, ఆ కోడ్‌తో వచ్చిన ఆర్డర్లను తేదీల వారీగా పరచి చూడండి. గుంటూరులో పచ్చళ్లు, పొడులు అమ్మే ఒక సంస్థకు నేను ఆన్‌లైన్ అమ్మకాలు చూసుకునే రోజుల్లో ఇదే చిక్కు వచ్చింది. కొనేవారికి 15 శాతం తగ్గింపు, తగ్గింపు పోగా మిగిలిన మొత్తం మీద మా ఇన్‌ఫ్లుయెన్సర్‌కు 10 శాతం కమీషన్ అన్నది మా ఒప్పందం. మొదటి నెలలో ఆమె రెండు స్టోరీలు పెట్టింది. కోడ్‌తో 150 ఆర్డర్లు రాగా, వాటిలో 104 ఆ స్టోరీలు పెట్టిన మూడు రోజుల లోపలే వచ్చాయి. రెండో నెలలో ఆమె ఊళ్లో లేక ఒక్క స్టోరీ కూడా పెట్టలేదు, అయినా 120 ఆర్డర్లు వచ్చాయి. ఆమె మాట జనంలో అంతగా నాటుకుందని మా యజమాని మురిసిపోయారు. మూడో నెలలో ఒకే స్టోరీకి 180 వచ్చేసరికి నాకు అనుమానం మొదలైంది, ఎందుకంటే మూడు నెలల్లోనూ మా మొత్తం ఆర్డర్లు 600 దగ్గరే ఉన్నాయి.

స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి దాని వల్ల వచ్చే ఆర్డర్లు ఒక్కసారిగా ఎగసి, రెండు మూడు రోజుల్లో పడిపోవాలి. మా రెండో నెల పట్టికలో అటువంటి ఎగుడుదిగుడు లేకుండా రోజుకు నాలుగు చొప్పున సమానంగా వచ్చాయి. అంతకన్నా గట్టి ఆధారం కొనేవారి వివరాల్లో దొరికింది. మూడో నెలలోని 180 మందిలో 97 మంది అంతకుముందే మా దగ్గర కొన్నవారు. కొత్తవారిని తెస్తుందని ఆమెకు ఇచ్చిన కోడ్‌ను సగానికి పైగా పాత ఖాతాదారులే వాడుతున్నారన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, చెల్లింపు పేజీలో మనం పెట్టుకున్న ‘కూపన్ కోడ్’ అనే ఖాళీ గడే కొనేవారిని బయటకు పంపుతుంది. బుట్ట నింపుకుని డబ్బు కట్టడానికి సిద్ధమైన మనిషి ఆ గడిని చూసి, ఎవరికో ఉన్న తగ్గింపు తనకు లేదనుకుని, మన బ్రాండ్ పేరు పక్కన ‘కూపన్’ అని చేర్చి వెతుకుతాడు. కూపన్ సైటులో ‘కోడ్ చూపించు’ అన్న బటన్ నొక్కగానే కోడ్‌తో పాటు మన సైటు కూడా ఆ కూపన్ సైటువారికి అమ్మకం మీద కమీషన్ తెచ్చే అఫిలియేట్ లింకు ద్వారా మరో ట్యాబులో తెరుచుకుంటుంది. మీరు అఫిలియేట్ నెట్‌వర్కులో కూడా ఉంటే ఇక్కడే రెండో దెబ్బ తగులుతుంది: చివరి క్లిక్కు తమదేనని కూపన్ సైటు ఒక కమీషన్ తీసుకుంటుంది, కోడ్ తనది కాబట్టి ఇన్‌ఫ్లుయెన్సర్‌కు మరొకటి వెళుతుంది. నిజానికి ఆ ఆర్డరును ఇద్దరిలో ఎవరూ తేలేదు.

కోడ్ బయటకు ఎలా పొక్కిందన్నది మీ అసలు అనుమానం. మేము చిన్న పరీక్ష ఒకటి చేశాము. ఎవరికీ చెప్పని కొత్త కోడ్ ఒకటి సృష్టించి, కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఉన్న బ్రౌజరులో నేనే దాన్ని ఒక్కసారి టైపు చేసి ఆర్డరు పెట్టాను. పదకొండు రోజుల తరువాత మాకు పరిచయం లేని మనిషి ఒకరు ఆ కోడ్‌తో కొన్నారు. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లలో కొన్ని, వాడుకరి టైపు చేసిన కోడ్ పనిచేస్తే దాన్ని గుర్తుపెట్టుకుని ఇతరులకు చూపిస్తాయి. అనుచరుల్లో ఒక్కరి బ్రౌజరులో అటువంటిది ఉన్నా చాలు, ఇన్‌ఫ్లుయెన్సర్ తప్పేమీ లేకుండానే కోడ్ పాకిపోతుంది. కాబట్టి ఈ ఒక్క కారణంతో ఒప్పందం తెంచుకోవద్దు.

ఇక డబ్బు లెక్కకు వద్దాము. మా సగటు ఆర్డరు వెయ్యి రూపాయలు. మూడో నెల 180 ఆర్డర్ల మీద తగ్గింపు 27,000, కమీషన్ 15,300, వెరసి 42,300 రూపాయలు. అందులో నిజంగా ఆమె తెచ్చినది ఎంతో తేల్చడానికి నాలుగో నెలలో పాత కోడ్ ఆపి, ఆమెకు కొత్తది ఇచ్చాము. కోడ్‌తో వచ్చే ఆర్డర్లు 180 నుంచి 41కి పడిపోయాయి. కోడ్ లేకపోతే కొననివారే ఆ మిగిలిన 139 మందీ అయి ఉంటే మొత్తం ఆర్డర్లు 461కి దిగాలి, కానీ వచ్చినవి 578. నెలకు ఇరవై ముప్పై ఆర్డర్లు అటూ ఇటూ ఊగడం మామూలే కనుక ఇది ఖచ్చితమైన కొలత కాదు. అయినా ఆ 139 మందిలో చాలామంది పూర్తి ధర ఇచ్చి కొనేవారేనని చెప్పడానికి ఇది చాలు. ఈ పరీక్షను పండగ తగ్గింపులు, సీజను గిరాకీ లేని నెలలో చేయండి. మేమైతే ఆవకాయ కాలం దాటేదాకా ఆగాము.

గడిచిన మూడు నెలల కమీషన్ మాత్రం ఒప్పందంలో రాసుకున్నట్టే చెల్లించండి, ఎందుకంటే కాపలా లేని కోడ్ ఇచ్చింది మనమే. ఇకముందు కోడ్‌ను నోటితో చెప్పించకుండా, తగ్గింపు దానంతట అదే పడే లింకు ఇవ్వండి. షాపిఫైలో అది ఇలా ఉంటుంది:

```
https://mee-site.com/discount/RUCHI0815?redirect=/collections/all
```

ప్రతి పోస్టుకూ కొత్త కోడ్, ఏడు రోజుల గడువు, మొత్తం వాడకానికి ఒక పరిమితి, ఒక్కొక్కరికి ఒక్కసారే అన్న నియమం పెట్టాము. లింకుతో వచ్చినవారికి కూడా బిల్లులో కోడ్ కనిపిస్తుంది కనుక పొక్కడం పూర్తిగా ఆగదు. పొక్కినా ఏడు రోజుల్లో చచ్చిపోతుంది, అంతే. వేరే మెయిల్, వేరే ఫోను నంబరుతో రెండోసారి వాడేవారు ఎప్పుడూ ఉంటారు, వారి వెంట పడడం దండగ. అఫిలియేట్ నెట్‌వర్కులోనైతే, ఏ కోడ్ ఎవరికి కేటాయించామో వారికే ఆ కోడ్ ఆర్డర్ల మీద కమీషన్ అన్న నిబంధన తప్పకుండా పెట్టించండి.

లింకు లెక్కనే పూర్తిగా నమ్మి ఇన్‌ఫ్లుయెన్సర్‌కు అన్యాయం చేయకండి. స్టోరీ చూసి, జీతం పడ్డాక తీరిగ్గా వేరే బ్రౌజరులో మన పేరు వెతికి కొనేవారు లింకు లెక్కలోకి రారు. అందుకే ఆర్డరు పూర్తయ్యాక ‘మా గురించి ఎక్కడ విన్నారు?’ అని ఒకే ప్రశ్న అడిగేవాళ్లము. ఆమె పేరు చెప్పిన కొత్త ఖాతాదారులు కోడ్ వాడకపోయినా వారిని ఆమె ఖాతాలోనే వేసి, కమీషన్‌ను 10 నుంచి 8 శాతానికి తగ్గించి, పోస్టుకు కొంత స్థిర రుసుము కలిపాము. పట్టిక చూపించి మాట్లాడాము కాబట్టి ఆమె పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

మేము చేసిన ఒక పొరపాటు చెబుతాను. పాత కోడ్‌ను రాత్రికి రాత్రే ఆపేశాము. కూపన్ సైట్లలో అది ఇంకా ఉండడంతో, చెల్లదని చూపించగానే వారం రోజులు వాట్సాప్‌లో నిష్ఠూరాలు వచ్చాయి. మీరు దాన్ని వెంటనే తీసేయకుండా, కమీషన్ తెగ్గొట్టి, తగ్గింపును 5 శాతానికి దించి ఒక నెల ఉంచి, ఆ తరువాత ఆపండి.