ఎంక్యాట్ మధ్యలో బాత్రూమ్‌కి వెళ్తే గడియారం ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి సెప్టెంబరులో ఎంక్యాట్, అదే ఇక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష, రాస్తోంది. ఏడున్నర గంటల పరీక్ష అంటున్నారు. తనకి గంట, గంటన్నరకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుంది. పరీక్ష మధ్యలో లేచి వెళ్తే టైమ్ ఆగుతుందా, పోతుందా? ముందురోజు నుంచే నీళ్ళు తగ్గించమంటే వినడం లేదు. మా రోజుల్లో ఎంసెట్ మూడు గంటలూ కదలకుండా కూర్చుని రాశాం. – ఒక అమ్మ, న్యూజెర్సీ

జవాబు: సెక్షన్ నడుస్తుండగా లేచి వెళ్తే టైమ్ ఆగదండీ. వాళ్ళిచ్చిన విరామంలో వెళ్తే పరీక్ష టైమ్ పోదు, కానీ విరామానికీ వేరే గడియారం ఉంటుంది, అదీ ఎవరి కోసమూ ఆగదు. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండో గడియారం దగ్గరే, అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెప్తాను.

ఎంక్యాట్‌లో నాలుగు సెక్షన్లు. మొదటిది కెమిస్ట్రీ, ఫిజిక్స్ – 95 నిమిషాలు. రెండోది అందరూ కార్స్ అని పిలిచే రీడింగ్ సెక్షన్ – 90 నిమిషాలు. మూడోది బయాలజీ, బయోకెమిస్ట్రీ, నాలుగోది సైకాలజీ, సోషియాలజీ – ఒక్కోటి 95 నిమిషాలు. మొదటి సెక్షన్ తర్వాత 10 నిమిషాలు, రెండో దాని తర్వాత భోజనానికి 30 నిమిషాలు, మూడో దాని తర్వాత మళ్ళీ 10 నిమిషాలు విరామం. తీసుకోవడం తప్పనిసరి కాదు, కానీ వదిలేసిన విరామం ఏ సెక్షన్‌లోనూ కలవదు. సెక్షన్ ముందే పూర్తిచేసినా అంతే, మిగిలిన నిమిషాలు విరామానికి రావు, తర్వాతి సెక్షన్‌కీ రావు. మిగిల్చుకున్న టైమ్‌తో తర్వాత నెమ్మదిగా రాసుకోవచ్చని కొందరు పిల్లలు అనుకుంటారు. ఈ పరీక్షలో అలా కుదరదు.

ఉదయం ఎనిమిదికి పరీక్ష అనుకుందాం. ఒప్పంద పత్రం, ట్యుటోరియల్ అయ్యేసరికి 8:15 అయిందనుకోండి. మొదటి సెక్షన్ 9:50కి పూర్తవుతుంది. 10 గంటలకి కార్స్, 11:30కి భోజనం, 12 గంటలకి బయాలజీ, 1:35కి చివరి విరామం, 1:45కి సైకాలజీ, 3:20కి పరీక్ష అయిపోతుంది. ఈ లెక్క కాగితం మీద రాసి మీ అమ్మాయికి ఇవ్వండి. తన శరీరం గంటన్నరకోసారి పిలుస్తుందన్నారు కదా, విరామాలు కూడా దాదాపు అదే దూరంలో ఉన్నాయి. అంటే మామూలుగా చూస్తే ఈ పరీక్ష తనకి మరీ ప్రతికూలం కాదు.

ఇబ్బంది పెట్టేది మొదటి భాగం. సెంటర్‌లో చెకిన్ అయ్యాక ఐడీ చూడటం, ఫోటో, అరచేయి స్కాన్, జేబులు చూపించడం, లాకర్‌లో సామాను పెట్టడం, ఆ తర్వాత సీటు చూపించడం ఉంటాయి. పొద్దున 7:30కి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి చెకిన్ లైన్లో నిలబడితే, మళ్ళీ వెళ్ళే అవకాశం 9:50కి. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. రోజు మొత్తంలో ఇంత పొడుగు ఎడం మరొకటి లేదు. దానికి తోడు ఏడింటికి తాగిన కాఫీ ఎనిమిదిన్నరకి పని మొదలుపెడుతుంది. అందుకని ఆ పూట కాఫీ తాగాలనుకుంటే ఇంట్లో పెందరాళే తాగేయాలి. స్కాన్లూ సంతకాలూ అయ్యాక, గదిలోకి పంపే ముందు, 'ఒకసారి రెస్ట్‌రూమ్‌కి వెళ్ళొస్తాను' అని సిబ్బందిని అడగమనండి. పరీక్ష ఇంకా మొదలుకాలేదు కాబట్టి అప్పుడు పోయే టైమ్ ఏమీ ఉండదు.

ఇక పది నిమిషాల విరామం. సెక్షన్ ముగించగానే తెర మీద విరామం గడియారం మొదలవుతుంది. కానీ మీ అమ్మాయి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోకూడదు. చెయ్యెత్తాలి, సిబ్బంది వచ్చి బయటికి తీసుకెళ్ళాలి. ఆ గదిలో వేరే వేరే పరీక్షలు రాసేవాళ్ళుంటారు, సిబ్బంది ఇంకొకరి దగ్గర ఉంటే ఆగాలి. బయట మళ్ళీ అరచేయి స్కాన్ చేసి వెళ్ళాలి. తిరిగొచ్చాక ఇంకోసారి స్కాన్, జేబులు, చేతులు, కళ్ళజోడు ఉంటే అదీ చూపించడం. ఇవన్నీ విరామంలోంచే పోతాయి. పోనూ పదిలో చేతికి మిగిలేది ఐదారు నిమిషాలు అనుకుని ప్లాన్ చేసుకోవడం క్షేమం. బాత్రూమ్, రెండు గుక్కల నీళ్ళు, నోట్లో ఒక ఖర్జూరం – అంతే. మొదటి విరామంలో పులిహోర డబ్బా తెరవకూడదు.

భోజన విరామంలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చూడండి. 11:30కి కార్స్ అయింది. చెయ్యెత్తి, స్కాన్ చేసి బయటపడేసరికి 11:33. ముందు బాత్రూమ్, అక్కడ వరుస ఉంది, 11:39. లాకర్ తీసి తినడం మొదలుపెట్టింది. చాలా టైమ్ ఉందనిపిస్తుంది. 11:56కి లేచి తలుపు దగ్గరికొస్తే ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. కుర్చీలో కూర్చునేసరికి 12:03. తెర మీద బయాలజీ సెక్షన్ గడియారం 95 నిమిషాలకి బదులు 92 చూపిస్తుంది. విరామం దాటిన మూడు నిమిషాలూ సెక్షన్‌లోంచి తీసేశారన్నమాట. అలా కనిపిస్తే గొడవపడి లాభం లేదు, అది నియమమే. బయాలజీలో 59 ప్రశ్నలు, 95 నిమిషాలు, అంటే ప్రశ్నకి సగటున 97 సెకన్లు. మూడు నిమిషాలంటే దాదాపు రెండు ప్రశ్నలు. అదే పిల్ల 11:50కి తలుపు దగ్గర ఉంటే ముందు ఎంతమంది నిలబడినా ఫరవాలేదు. పెద్ద విరామంలో పది నిమిషాల ముందు, చిన్న విరామంలో నాలుగు నిమిషాల ముందు తలుపు దగ్గరుండాలని నేను అందరికీ చెప్తాను. గోడ గడియారం మీద ఆధారపడొద్దు. లేచే ముందు తెర మీద ఎంత మిగిలిందో చూసుకుని మనసులో పెట్టుకోవాలి.

భోజనం గురించి ఒక మాట. మీరు కింద కార్లో టిఫిన్ బాక్స్ పట్టుకుని కూర్చుంటానంటే వద్దంటాను. అమ్మాయి కిందికొచ్చి మీతో మాట్లాడి వెళ్ళడం టైమ్ రీత్యా, నియమాల రీత్యా రెండిందాలా చేటు. తిండి, నీళ్ళు, మందులు పొద్దున్నే లాకర్‌లో పెట్టేయాలి. ఫోన్‌ని సెంటర్ వాళ్ళు సంచిలో సీలు వేసి ఇస్తారు, విరామంలో దాన్ని తెరవకూడదు. టైమ్ చూసుకోవడానికని తెరిచినా అది నియమోల్లంఘన కిందికే వస్తుంది.

ఇంత చేసినా సెక్షన్ మధ్యలో అవసరం పడితే? చెయ్యెత్తి వెళ్ళొచ్చు, ఎవరూ ఆపరు. గడియారం నడుస్తూనే ఉంటుంది, తిరిగొచ్చినప్పుడు అదే తనిఖీ ఉంటుంది. ఏడు నిమిషాలు పట్టిందనుకుంటే సైన్స్ సెక్షన్‌లో నాలుగు ప్రశ్నల టైమ్ పోయినట్టు. కార్స్‌లో 90 నిమిషాలకి తొమ్మిది ప్యాసేజీలు, అంటే ఒక్కోదానికి పది నిమిషాలు. అక్కడ ఏడు నిమిషాలు పోతే దాదాపు ఒక ప్యాసేజీ పోయినట్టే, పైగా చదివిందంతా మళ్ళీ గుర్తుచేసుకోవాలి. అందుకని వెళ్ళక తప్పకపోతే ప్యాసేజీ సగంలో లేవొద్దనండి. చేతిలో ఉన్నది పూర్తిచేసి, జవాబులు పెట్టేసి, కొత్త ప్యాసేజీ మొదలుపెట్టే ముందు లేవాలి. అలాగని అరగంట బిగపట్టుకుని కూర్చోవడం కూడా తప్పే. కడుపు నొక్కుకుంటూ చదివిన ప్యాసేజీని రెండుసార్లు చదవాల్సొస్తుంది, ఆ టైమ్ వెళ్ళొచ్చే టైమ్ కంటే ఎక్కువే అవుతుంది.

మీ ఎంసెట్‌తో పోల్చడం ఇక్కడ కుదరదమ్మా. అది ఒకే ఊపులో రాసే మూడు గంటల పరీక్ష. ఇప్పటికీ ఇండియాలో జేఈఈ మెయిన్ అలాగే మూడు గంటలు, విరామం లేదు. 2024 నుంచి మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళొస్తే మళ్ళీ తనిఖీ, మళ్ళీ బయోమెట్రిక్, పోయిన టైమ్ పోయినట్టే. ఎంక్యాట్‌లో ప్రశ్నల టైమే ఆరుంబావు గంటలు. అంతసేపు నీళ్ళు లేకుండా కూర్చోబెట్టాలనుకోవడం సరికాదు. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, తరచుగా వెళ్ళాలనిపించేది కూడా అప్పుడే. మధ్యాహ్నానికి తలనొప్పి వేరే. ఈ విషయంలో మీ అమ్మాయి మాటే నిజం. ముందురోజు మామూలుగా తాగనివ్వండి. పరీక్షరోజు పొద్దున కొంచెం తగ్గించి, విరామాల్లో గుక్కలుగా, భోజనంలో అన్నం మొదలుపెట్టేటప్పుడే తాగి, ఆఖర్న గది తలుపు దగ్గరికెళ్ళే ముందు అవసరం అనిపించకపోయినా ఇంకోసారి బాత్రూమ్‌కి వెళ్ళొస్తే సరిపోతుంది.

ఇదంతా ఇంట్లో సాధన చేయాలి. ఎంక్యాట్ నిర్వహించే ఏఏఎంసీ వాళ్ళ పూర్తి నిడివి ప్రాక్టీస్ పరీక్షల్లో విరామాలు కూడా ఉంటాయి. చాలామంది పిల్లలు ఇంట్లో వాటిని దాటేస్తారు, లేదా ఫోన్ చూస్తూ పావుగంట గడిపేస్తారు. మీరు సెంటర్ సిబ్బంది పాత్ర తీసుకోండి. పది నిమిషాల విరామంలో వెళ్ళేటప్పుడు రెండు నిమిషాలు, వచ్చేటప్పుడు రెండు నిమిషాలు తలుపు దగ్గర ఆపండి. అసలు పరీక్ష మొదలయ్యే గంటకే మొదలుపెట్టించండి, అదే టిఫిన్ పెట్టండి. ఇలా కొన్ని శనివారాలు రాస్తే తన శరీరం ఏ సెక్షన్‌లో ఇబ్బంది పెడుతుందో మీకే తెలుస్తుంది. రెండు ప్రాక్టీసుల్లో ఒకే చోట లేవాల్సి వస్తే, దానికి ముందు విరామంలో తాగిందీ తిన్నదీ మార్చి చూడండి.

అలా మార్చినా ప్రతిసారీ గంటలోపే లేవాల్సి వస్తుంటే, అది అలవాటు కాకపోవచ్చు. డాక్టర్‌కి చూపించండి. మధుమేహం, పేగుల జబ్బు, మూత్రాశయం సమస్య లాంటిది ఏదైనా ఉంటే ఏఏఎంసీకి అకామడేషన్, అంటే పరీక్షలో ప్రత్యేక వెసులుబాటు, కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. వాటిలో స్టాప్ ది క్లాక్ బ్రేక్ అని ఒకటుంది. అది మంజూరైతే మాత్రం సెక్షన్ మధ్యలో లేచినా ప్రశ్నల గడియారం ఆగుతుంది. కానీ పరీక్షరోజు సెంటర్‌లో డాక్టర్ చీటీ చూపిస్తే ఇవ్వరు. ముందే దరఖాస్తు పెట్టి, జబ్బు పేరుతో పాటు అది కూర్చుని పరీక్ష రాయడానికి ఎలా అడ్డమో డాక్టర్ రాసిన పత్రం జతచేయాలి. పరిశీలనకి రెండు నెలల దాకా పట్టొచ్చు, ఇంకేమైనా కాగితాలు అడిగితే ఇంకా ఆలస్యం. సెప్టెంబరు పరీక్షకైతే వేసవి మొదట్లోనే కాగితాలు వెళ్ళిపోవాలి, కాబట్టి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకోండి.