సెమినార్ పేపర్‌కి డిస్టర్బెన్స్ హైపోథిసిస్: ఏ పక్షాన రాయాలి?

"సార్, నాది కావలి. నెల్లూరులో ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి ఇంటర్మీడియట్ డిస్టర్బెన్స్ హైపోథిసిస్ తీసుకున్నాను. ఒకచోట దీన్ని పొగిడారు, ఇంకోచోట వదిలెయ్యాలన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏ పక్షాన రాయాలి? రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో పనికొస్తుందా?"

ఏ పక్షమూ తీసుకోవద్దు తల్లీ. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అలజడి, అంటే అలో వరదో తుఫానో వచ్చి జీవులని తుడిచేసి చోటు ఖాళీ చెయ్యడం, మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో కాకుండా మధ్యస్తంగా ఉన్న చోట జాతులు ఎక్కువ కనిపిస్తాయా అన్నది ఒకటి. కనిపిస్తే, దానికి చెప్పే కారణం, అంటే బలమైన జాతి మిగతావాటిని తోసెయ్యకుండా అలజడి ఆపుతుందన్నది, సరైనదేనా అన్నది రెండోది. ఈ రెండింటినీ విడదీస్తే నీ పేపర్ సగం అయిపోయినట్టే.

1978లో జోసెఫ్ కానెల్ ఉష్ణమండల అడవులనీ పగడపు దిబ్బలనీ చూపించి చెప్పిన ఈ మాట నీకు తెలిసే ఉంటుంది కాబట్టి దానికి ఒక పేరా చాలు. సాక్ష్యం కింద మాత్రం వేన్ సౌసా 1979 పేపరొక్కటే తీసుకుని లోతుగా రాయి. కాలిఫోర్నియా తీరంలో ఆటుపోట్ల మధ్య పడి ఉన్న రాళ్లమీద పెరిగే నాచులనీ, రాతికి అంటుకునే జీవులనీ ఆయన లెక్కపెట్టాడు. రాయిని కదిలించడానికి ఎంత బలం కావాలో కొలిచి మూడు రకాలుగా విడగొట్టాడు: 49 న్యూటన్ల లోపు కదిలేవి, 50 నుంచి 294 వరకు కావలసినవి, అంతకు మించినవి. 1976 మే నెలలో సగటున చిన్న రాళ్లమీద 1.9 జాతులు, మధ్యరకం మీద 4.3, పెద్దవాటిమీద 3.5 ఉన్నాయి. అలకి మాటిమాటికీ దొర్లే రాయిమీద ఉల్వా అనే పచ్చనాచు లాంటి తొందరగా వచ్చే జీవులే మిగిలాయి, కదలని బండని ఒక ఎర్రనాచు ఆక్రమించేసింది. ఇది రాయి సైజు వల్ల వచ్చిన తేడా కావచ్చు కదా అని ఎవరైనా అడుగుతారని ఆయనకి తెలుసు. అందుకే కొన్ని చిన్న రాళ్లని కదలకుండా బిగించి చూశాడు, వాటిమీద కూడా పెద్ద బండల మీద జరిగిన మార్పులే జరిగాయి. ఈ పని తప్పకుండా రాయి, చాలామంది పట్టికని మాత్రం ఎత్తుకొచ్చి దీన్ని వదిలేస్తారు.

ఇక విమర్శ. 2001లో మాకీ, కర్రీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని పోగేసి చూస్తే మధ్యలో శిఖరం ఉన్న గ్రాఫులు 20 శాతం కూడా లేవు. అయినా ఇది మొదటి ప్రశ్నని మాత్రమే తాకుతుంది. 2013లో జెరెమీ ఫాక్స్ నేరుగా కారణం మీదకే వెళ్లాడు. దాన్ని ఈ చిన్న లెక్కతో చెప్పు. బలమైన జాతి 400, బలహీనమైనది 100 ఉన్నాయనుకో. ఏటా బలమైనది రెట్టింపు, రెండోది ఒకటిన్నర రెట్లు అవుతుంది, తర్వాత వరద వచ్చి రెండింటినీ సగానికి కోస్తుంది. మొదటిది 800 అయి మళ్లీ 400కి వస్తుంది. రెండోది 150 అయి 75కి, మరుసటి ఏడు దాదాపు 56కి పడుతుంది. వరద రాకపోయినా నిష్పత్తి ఇంతే వేగంగా మారేది. అంటే "అలజడి పోటీని ఆపుతుంది" అన్నంత మాత్రాన బలహీనమైన జాతి బతికిపోదు. రెండింటినీ సమానంగా చంపే అలజడి ఎవరినీ కాపాడదు.

మరి సౌసా రాళ్లమీద ఈ హైపోథిసిస్ ఎందుకు పనిచేసింది? అక్కడ ఉల్వా ఖాళీ రాయిని ముందు పట్టుకుంటుంది, ఎర్రనాచు నెమ్మదిగా వచ్చి నెగ్గుతుంది. ఒకరికి వేగం, ఇంకొకరికి బలం. ఈ తేడా ఉన్నప్పుడే, అదీ రాయికీ రాయికీ అలజడి వేరువేరు సమయాల్లో తగిలినప్పుడే, రెండూ ఆ తీరంలో నిలబడతాయి. షీల్, బర్స్‌లెమ్ అదే ఏడాది ఫాక్స్‌కి జవాబిచ్చారు, కానెల్ అసలు చెప్పినదేంటో ముందు చూడమన్నారు. నా దృష్టిలో ఫాక్స్ లెక్క సరైనదే, కానీ దాంతో సౌసా ఫలితం కొట్టుకుపోదు. నీ పేపర్ వాదన ఇదే కావాలి.

ఇంటర్వ్యూలో "మన దగ్గర ఎలా పరీక్షిస్తావు?" అని అడిగితే తొందరపడి కృష్ణపట్నం బ్రేక్‌వాటర్ రాళ్లు అనెయ్యకు. అవి కదలకుండా ఉండాలనే వేసినవి, వాటిలో దొర్లే తరగతి నీకు దొరకదు. దానికి బదులు ఒకే సైజు పలకలని నీళ్లలో ఉంచి, కొన్నింటిని వారానికోసారి, కొన్నింటిని నెలకోసారి గీకేస్తాను, కొన్నింటిని అసలు ముట్టుకోను అని చెప్పు. "మధ్యస్తం" అంటే ఎన్ని రోజులకోసారో లెక్కపెట్టకముందే రాసుకోవాలి. ఫలితం వచ్చాక ఎక్కడ శిఖరం ఉందో దాన్నే మధ్యస్తం అనుకుంటే ఆ గ్రాఫ్ దేన్నీ రుజువు చెయ్యదు, గైడ్ మొదట పట్టుకునేదీ అదే.