పచ్చి ఎముక విరిగిందా, చిట్లిందా?

సందేహం: బెంగళూరులో పిల్లల డాక్టరును. ఆరేళ్ల బాబు ముంజేతి ఎక్స్‌రే చూసి "ఎముక విరిగింది" అనగానే తల్లి ఏడ్చేసింది. నిజానికి అది గ్రీన్‌స్టిక్ ఫ్రాక్చర్. ఇలాంటప్పుడు "బెణికింది" అనవచ్చా? సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: బెణికింది అనకండి, డాక్టరమ్మా. బెణుకు కీళ్లకు సంబంధించినది. ఆ మాట చెవిన పడితే ఇంట్లో పెద్దవాళ్లు నూనె రాసి తోముతారు. చిట్లిన ఎముకను తోమితే వంపు ఇంకా పెరగవచ్చు.

ఎండు పుల్లను వంచితే టప్పున రెండవుతుంది. పచ్చి పుల్ల ఒక పక్క చీలి, రెండో పక్క వంగుతుంది. గ్రీన్‌స్టిక్ అన్న పేరు అందుకే వచ్చింది. పచ్చి అనే ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. పచ్చ, పచ్చి, పసి, పసుపు, పసిడి అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. మీ ఊరి కన్నడం వినండి: పచ్చిది హసి, పచ్చరంగు హసిరు, పసిబిడ్డ హసుళె. మన పాలు అక్కడ హాలు అయినట్టే ఇక్కడా పకారం హకారమైంది. తమిళులు అప్పుడే పుట్టిన బిడ్డను పచ్చిళం కుళందై అంటారు. ఆకు రంగునూ బిడ్డ లేతదనాన్నీ మన భాషలు ఒకే మాటలో చూశాయి. కాబట్టి "పసివాడిది పచ్చి ఎముకమ్మా" అంటే ఏ తెలుగు తల్లికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక క్రియ సంగతి. విరిగింది అనగానే మనకు రెండు ముక్కలే కళ్లముందు నిలుస్తాయి. గాజు గ్లాసు చిట్లుతుంది, పెదవి చిట్లుతుంది; విడిపోవు. నేను చిట్లుకే ఓటేస్తాను. అస్థిభంగం అని రాసే పత్రికల వాళ్లు ఒక్కసారి ఆ తల్లి ఎదుట కూర్చుని ఆ మాట పలికి చూడాలి. "ఫ్రాక్చరేనా, విరగలేదు కదా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. చిట్లినా, విరిగినా, డాక్టర్ల లెక్కలో రెండూ ఫ్రాక్చరే అని వాళ్లకు తెలియాలి.

ఎక్స్‌రే చూపిస్తూ నేనైతే ఇలా చెబుతాను: "తెల్లగా ఉన్నది ఎముక. ఈ అంచు చిట్లింది. అవతలి అంచు వంగింది కానీ తెగలేదు. మణికట్టు దగ్గర నల్లటి గీత చూసి కంగారు పడకండి, అది దెబ్బ కాదు. బాబు ఎముక పెరిగే చోటు. అక్కడ మెత్తటి ఎముక ఉంటుంది, ఎక్స్‌రేలో కనబడదు. వంపు ఎక్కువగా ఉంటే సరిచేసి కట్టు వేస్తాం. కొన్ని వారాలు ఉంచాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూ పోయినా రాత్రయినా సరే వెంటనే తీసుకురండి."

ఆమె సూటిగా "విరిగిందా?" అని అడిగితే మాత్రం దాటవేయవద్దు. "కొంత విరిగింది, పూర్తిగా కాదు" అనండి. "పచ్చివిరుపు" అని కొత్త పేరు కట్టవచ్చు గాని, అది జనం నోట నిలుస్తుందో లేదో నేను చెప్పలేను.