డాబా తోట నుంచి వారం వారం కూరగాయల పెట్టె: ఎన్ని ఇళ్లకు ఒప్పుకోవచ్చు?

ప్రశ్న: మాది గుంటూరు. డాబా మీద 4×2 అడుగుల గ్రో బెడ్లు 24, పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు 60 ఉన్నాయి. రసాయనాలు వాడము. పక్క అపార్ట్‌మెంటులో నెల చందా మీద వారానికొక పెట్టె ఇద్దామనుకుంటున్నాను. ఎన్ని ఇళ్లకు ఒప్పుకోవచ్చు?

జవాబు: ఎనిమిది ఇళ్లకు మించి ఒప్పుకోవద్దని నా సలహా. నేను విజయవాడలో పటమట వైపు ఇదే పని చేస్తున్నాను. కాపు బాగున్న వారాన్ని చూసి ఇళ్లను లెక్కపెట్టుకుంటే చందా నిలవదు, తక్కువ కాసే వారాన్ని చూసే లెక్క వేసుకోవాలి.

లెక్కను ఆకుకూరల నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే డాబా మీద కచ్చితంగా మాట ఇవ్వగలిగినవి అవే. తోటకూర విత్తిన నాలుగు వారాలకు పీకడానికి వస్తుంది, ఒక 4×2 బెడ్డుకు ముప్పావు కిలో నుంచి కిలో వరకు దిగుతుంది. ఇంటికి పావు కిలో కట్ట చొప్పున పది ఇళ్లకు రెండున్నర కిలోలు కావాలి, అంటే వారానికి మూడు బెడ్లు. నాలుగు వారాల పంట ఎదుగుతుండగా, పీకేసిన బెడ్లకు పశువుల ఎరువు, వేపపిండి కలిపి మళ్లీ విత్తడానికి ఇంకొక వారం పడుతుంది కనుక, ఐదు జట్లుగా పదిహేను బెడ్లు తోటకూరకే పోతాయి. మిగిలిన తొమ్మిదింటిలో గోంగూర వేసి, మూడేసి బెడ్ల చొప్పున వంతులవారీగా కొమ్మలు కోస్తే, ప్రతి బెడ్డుకూ మళ్లీ చిగురించడానికి మూడు వారాలు దొరుకుతుంది. ఈ లెక్క పది ఇళ్లకు సరిపోయినా, మొలక సరిగా రాని వారం, పురుగు పడిన వారం తప్పవు కాబట్టి రెండు ఇళ్లు తగ్గించి చెప్పాను. మొక్క ఎదగకముందే, ఇరవై రోజులకే తోటకూర పీకవలసి వస్తోందంటే, మీరు బెడ్లకు మించి మాట ఇచ్చారన్నమాట.

కాయకూరల విషయంలో మాత్రం ఫలానాది ఇస్తామని చెప్పవద్దు. పావు కిలో బెండకాయలంటే సుమారు ఇరవై, ఇరవై రెండు కాయలు. బ్యాగుకు ఒక మొక్క చొప్పున పెంచితే మొక్క వారానికి మూడు కాయలకు మించి ఇవ్వదు కనుక, ముప్పై మొక్కలు కాపు మీద ఉన్నా నాలుగు ఇళ్లకే సరిపోతాయి. పైగా బెండ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. శనివారం పెట్టె ఇచ్చేవారు మంగళ, గురువారాల్లో కోసిన కాయలను పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి, శనివారం కోతతో కలపవలసి ఉంటుంది. అందుకే నేను ఈ వారం నాలుగు ఇళ్లకు బెండ, నాలుగు ఇళ్లకు వంకాయ ఇచ్చి, వచ్చే వారం మారుస్తాను. మీ అరవై బ్యాగులలో ముప్పై బెండకు, ఇరవై వంగకు, పది మిరపకు కేటాయిస్తే ఈ ఏర్పాటు సాగుతుంది. చందా తీసుకునే రోజునే "రెండు ఆకుకూరలు తప్పకుండా, ఒక కాయకూర ఆ వారం ఉన్నది" అని స్పష్టంగా చెప్పండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన ఎండాకాలం. పగలు నలభై డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడనప్పుడు టమాటా పూత రాలిపోతుంది, పాలకూర, కొత్తిమీర వాడిపోతాయి లేదా పూతకు వెళ్లిపోతాయి. స్లాబు వేడి కింది నుంచి వేళ్లకు తగలకుండా బ్యాగులను ఇటుకల మీద ఎత్తి, పైన యాభై శాతం షేడ్ నెట్ కడితే తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ నిలుస్తాయి, కాని దిగుబడి తగ్గుతుంది. టమాటాను ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి చలికాలం పెట్టెలకే ఉంచుకోండి. ఏడాది మొత్తానికి ఒకేసారి చందా తీసుకోకుండా అక్టోబరు నుంచి మార్చి వరకు ఒక విడత, ఏప్రిల్ నుంచి చిన్న పెట్టె, తక్కువ ధర అని విడదీసుకోవడం మంచిది. మే నడుమ నుంచి జూన్ చివరి వరకు నేను పూర్తిగా ఆపేసి మట్టి మార్చుకుంటాను.

పెట్టె ఇవ్వలేని వారం వస్తే ఆ వారం డబ్బును తరువాతి నెలకు జమ చేయండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు, ఎడతెగని వానకు మా డాబా మీద నారు కుళ్లిపోయింది, తరువాతి కొన్ని వారాలు నేను అలాగే చేశాను. అటువంటప్పుడు రైతు బజారులో కొని పెట్టె నింపాలనిపించవచ్చు, కాని ఆ పని ఎన్నడూ చేయవద్దు. మందు కొట్టని కూర అని నమ్మి పిల్లలకు పెట్టుకునే వారికి అది మోసం అవుతుంది. తక్కువైతే తక్కువని ముందురోజు సాయంత్రమే తెలియజేస్తే, వారు ఆ వారానికి బయట కొనుక్కుంటారు.