వాసన లేదు, ఫ్రిజ్ చల్లగానే ఉంది... మరి వాంతులెందుకు?

ప్రశ్న: మా నానమ్మకు 72 ఏళ్లు. ఏది తినొచ్చో ముక్కుతో చెబుతుంది. నేను ఫ్రిజ్‌లో పెట్టిన థర్మామీటర్ చూసి చెబుతాను. రోజూ గొడవే. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వండిన అన్నం రాత్రి పదింటికి గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున 4 డిగ్రీలు ఉంది. నానమ్మ కూడా వాసన చూసి బాగుందంది. తాలింపు వేసుకుని తిన్నాం. రెండు గంటల్లో ఇద్దరికీ వాంతులు. నాకు సాయంత్రానికి తగ్గింది. ఆవిడకు రెండో రోజు కూడా విరేచనాలు అవుతుంటే మెడికల్ షాపులో మాత్రలు తెచ్చాను. బీపీ, షుగర్ మాత్రలు మానలేదు. ఇంతకీ తప్పు ముక్కుదా, థర్మామీటర్‌దా?

జవాబు: ఆ పంచాయితీ తర్వాత. ఇవాళ పొద్దున్నుంచి నానమ్మగారు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో ముందు అడగండి. ఆరేడు గంటలుగా వెళ్లకపోయినా, నాలుక పొడిబారినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, మాట తికమకగా ఉన్నా ఈ జవాబు పూర్తిగా చదవకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా అంతే.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది షాపు మాత్రల గురించి, మానని బీపీ, షుగర్ మాత్రల గురించి మీరు రాసిన రెండు వాక్యాలు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపిస్తాయి. ఇంకొన్ని, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనను తాను కాపాడుకునే వీలు లేకుండా చేస్తాయి. మామూలు రోజుల్లో ఇవి మంచి మందులే. వాంతులు, విరేచనాలతో నీరు పోతున్నప్పుడు మాత్రం కిడ్నీ మీద భారం పడుతుంది. మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రతోనూ ఇలాంటప్పుడు జాగ్రత్త అవసరం. మీరు పేర్లు రాయలేదు కాబట్టి ఏది ఆపాలో, ఏది వేసుకోవాలో ఇక్కడి నుంచి చెప్పలేను. మీ అంతట మీరు ఆపకండి కూడా. రాసిచ్చిన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేయండి.

షాపు మాత్రల సంగతి. ఆ స్ట్రిప్ మీద ఏముందో చదివారా? విరేచనాలు కట్టేసే మాత్ర పేగు కదలికను తగ్గిస్తుందే తప్ప లోపలి కారణాన్ని తీసేయదు. ఇన్‌ఫెక్షన్ ఉంటే ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. దానికి తోడు చాలా షాపుల్లో అడగకుండానే ఒక యాంటీబయాటిక్ కూడా చేతిలో పెడతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ‘ఏదో తెల్ల మాత్ర, రెండు పూటలు వేశాం’ అంటారు. మీరైనా స్ట్రిప్‌లు వెంట తీసుకెళ్లండి. ఈలోగా ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. షుగర్ ఉందని భయపడి మానేయకండి, గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఇవ్వండి. గుండె లేదా కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తాగించాలో డాక్టర్ చెప్పాలి.

ఇప్పుడు అన్నం దగ్గరికి వద్దాం. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను గానీ, తిన్న రెండు గంటల్లో వాంతులంటే నాకు మొదట అనుమానం వచ్చేది బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి మీద. బియ్యంలో ఉండే దీని బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారు చేస్తాయి. మీ అన్నం ఎనిమిది గంటలు అలా బయటే ఉంది. ఆ విషానికి వాసన ఉండదు. తాలింపు వేడికి పోదు, ఫ్రిజ్ చల్లదనానికీ పోదు. పైగా వయసుతో వాసన పట్టే శక్తి కొంత తగ్గుతుంది కూడా.

మీ థర్మామీటర్ అబద్ధం చెప్పలేదు, కాకపోతే అది చూపించింది ఫ్రిజ్‌లో గాలి చల్లదనం. గిన్నె నిండా ఉన్న అన్నం మధ్యభాగం ఆ 4 డిగ్రీలకు దిగడానికి ఇంకా గంటలు పడుతుంది. రాత్రి పదింటికి ముందు ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది?

‘చద్దన్నం తినే పెరిగాం’ అని నానమ్మగారు అంటారు, తెలుసు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నంలో పులుపు ఎక్కి ఈ సూక్ష్మజీవి పెరుగుదలను చాలావరకు అడ్డుకుంటుంది. పొడి అన్నానికి ఆ రక్షణ లేదు. మిగిలిందనుకుంటే గంట, రెండు గంటల్లోపే పళ్లెంలో పలచగా ఆరబెట్టి, చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినేయండి.

ఈ రకం వాంతులు సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతాయి, మీకు తగ్గినట్టే. ఆవిడకు రెండో రోజూ ఆగలేదంటే వేరే కారణం ఉండొచ్చు, ఒంట్లో లవణాలు తగ్గి ఉండొచ్చు. ఇవాళే చూపించి, డాక్టర్ చెబితే క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించండి. ఆదివారం అన్నం ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే వాసన చూడకుండా పారేయండి.