చీరల షాపుకి రిటర్న్, ప్రైవసీ పాలసీలు కాపీ చేసి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. పొందూరు ఖాదీ, కాటన్ చీరలు సొంత వెబ్‌సైట్‌లోనూ వాట్సాప్‌లోనూ అమ్ముతున్నాను. పేమెంట్ గేట్‌వే వాళ్లు ప్రైవసీ, రిటర్న్ పాలసీ పేజీలు ఉండాల్సిందే అంటున్నారు. పెద్ద సైటు ఒకదాన్నుంచి కాపీ చేసి మా షాపు పేరు పెట్టేస్తే సరిపోతుందా? "నో రిటర్న్, నో రిఫండ్" అని రాయొచ్చా? లాయరుకి ఇచ్చుకునే స్థితిలో లేను.

జవాబు: విజయనగరంలో మా వదినా నేనూ కలిసి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. మా షాపు పాలసీలు నేనే రాశాను. తర్వాత తెలిసినవాళ్లు అడిగితే వాళ్లవీ కొన్ని రాసిపెట్టాను. కాపీ చేయకండి. "నో రిటర్న్" అని ఒక్క మాటతో తేల్చేయడం కూడా చట్టం ముందు నిలవదు. ముందు రిటర్న్ సంగతి చెబుతాను, ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే.

సొంత సైటులో అమ్ముతున్నారు కాబట్టి మీకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. షాపు చిన్నదైనా అంతే. ఆ నియమాల ప్రకారం నాలుగు సందర్భాల్లో సరుకు వెనక్కి తీసుకోనని మీరు అనకూడదు: సరుకులో లోపం ఉన్నప్పుడు, అది నకిలీదైనప్పుడు, మీరు చూపించినదానికీ చెప్పినదానికీ భిన్నంగా ఉన్నప్పుడు, మీరు చెప్పిన గడువు దాటి చేరినప్పుడు. ఆలస్యం విషయంలో మాత్రం మన చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంది. 2018 నాటి తిత్లీ లాంటి తుఫాను వచ్చి రోడ్లు మూసుకుపోతే అది మీ తప్పు కాదు. కానీ నేత ఆలస్యమైందనో, పండగ రద్దీ అనో చెబితే ఈ మినహాయింపు దొరుకుతుందని అనుకోకండి. అందుకే సైటులో "4 రోజుల్లో డెలివరీ" అని రాసేముందు నిజంగా ఎన్ని రోజులు పడుతోందో పాత పార్శిళ్ల ట్రాకింగ్‌లో చూసుకోండి.

"కట్టుకుంటే నప్పలేదు", "మనసు మారింది" అనేవి వేరు. వీటికి వెనక్కి తీసుకోవాలని ఏ చట్టమూ అనదు. తీసుకోవాలా, మార్పిడి మాత్రమే ఇవ్వాలా, అసలు వద్దా అన్నది మీ ఇష్టం. పాలసీలో ఈ రెండు రకాలనూ విడివిడిగా రాయండి. రెండూ కలిపి ఒకే పేరాలో రాస్తే చదివేవాళ్లకీ అర్థం కాదు, గొడవ వచ్చినప్పుడు మీకూ పనికిరాదు.

ఇక ఖాదీలో లోపం అంటే ఏమిటో మీరే తేల్చి రాసుకోవాలి, ఏ పెద్ద సైటు పాలసీలోనూ అది దొరకదు. చేత్తో వడికిన నూలు కాబట్టి అక్కడక్కడ పోగు లావుగా కనబడుతుంది, మొదటి ఉతుకులో బట్ట కొంచెం దగ్గరపడుతుంది. ఇవి ఆ బట్ట స్వభావం. కానీ ఈ సంగతి కొనేముందే కనబడాలి. పాలసీ పేజీలో ఎక్కడో అడుగున ఉంటే చాలదు, ప్రతి చీర ఫొటో కింద ఉండాలి. మరక, చిరుగు, తెగిన పోగులు, చెప్పినదానికంటే తక్కువ పొడవు అనేవి లోపాలే. ఫొటోలో మెరూన్ చూపించి ఎరుపు పంపినా, చేత్తో వడికిన నూలు అని చెప్పి మిల్లు నూలు పంపినా చెప్పినదానికి భిన్నంగా ఉన్నట్టే, వెనక్కి తీసుకోవాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. హైదరాబాద్‌లో ఒకావిడ 2,400 రూపాయల చీర, 80 రూపాయల షిప్పింగ్‌తో క్యాష్ ఆన్ డెలివరీలో తెప్పించుకున్నారు. మూడో రోజు మడత విప్పితే లోపల నూనె మరక. ఫొటో పంపారు. పార్శిల్ విప్పుతున్న వీడియో మాత్రం తీయలేదు. "వీడియో లేకపోతే రిటర్న్ లేదు" అని చాలా షాపులు రాస్తున్నాయి. నియమాల్లో వీడియో మాటే లేదు. వీడియో ఉంటే పని త్వరగా అవుతుందని అడగండి, అది న్యాయమే. లేదన్న ఒక్క కారణంతో లోపం ఉన్న చీరని తిప్పికొట్టకండి. మీ రక్షణ కోసం ప్యాక్ చేసేముందు చీర పూర్తిగా విప్పి మీరే ఒక చిన్న వీడియో తీసి ఆర్డర్ నంబరుతో దాచుకోండి. మేం చేసేది అదే.

తర్వాత వెనక్కి పంపే ఖర్చు ఎవరిది? ఇది పాలసీలో చెప్పి తీరాలని నియమాల్లోనే ఉంది. లోపం మనదైతే ఖర్చు కూడా మనమే పెట్టుకోవడం మర్యాద. కొరియర్ వాళ్లు అన్ని పిన్‌కోడ్లకీ రిటర్న్ పికప్ చేయరు, ముఖ్యంగా పల్లెటూళ్లలో. అలాంటప్పుడు ఆవిడ పోస్టాఫీసుకి వెళ్లి స్పీడ్ పోస్ట్ చేయాలి, ఆ రసీదు చూపిస్తే మీరు డబ్బు ఇవ్వాలి. ఇక రిఫండ్ 2,400 రూపాయలా, 2,480 రూపాయలా? ఎన్ని రోజుల్లో? ఆ రోజులు ఎప్పటినుంచి లెక్క? "7 రోజుల్లో రిఫండ్" అని మాత్రమే రాస్తే ఆవిడ మెసేజ్ పెట్టిన రోజు నుంచి లెక్కేసుకుంటారు, మీరు చీర చేతికొచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. ఇద్దరిదీ తప్పు కాదు, వాక్యమే అసంపూర్తిగా ఉంది. పైగా క్యాష్ ఆన్ డెలివరీ కాబట్టి డబ్బు వెళ్లడానికి కార్డు లేదు, యూపీఐ ఐడీ అడగాలి. ఇవన్నీ కలిపి ఇలా రాయవచ్చు:

"చీరలో మరక, చిరుగు, పొడవు తక్కువ ఉండటం లాంటి లోపం ఉన్నా, మేము చూపించినదానికి వేరుగా ఉన్నా, చీర అందిన 7 రోజుల్లో ఫొటోతో వాట్సాప్ చేయండి. వీడియో ఉంటే త్వరగా తేల్చగలం, లేకపోయినా చూస్తాం. పికప్ మేమే పెడతాం. మీ ఊరికి పికప్ లేకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు ప్రకారం ఆ ఖర్చు ఇస్తాం. చీర మాకు చేరిన 5 పనిదినాల్లో చీర ధర, మీరు కట్టిన షిప్పింగ్ రెండూ తిరిగి ఇస్తాం. ఆన్‌లైన్‌లో కడితే అదే ఖాతాకి, డెలివరీలో కడితే మీరు చెప్పిన యూపీఐకి."

ఇక్కడ 7, 5 అనేవి నేను పెట్టినవి. మీకు వీలైన అంకెలు పెట్టుకోండి, కానీ గడువు బిల్లు మీద కూడా ముద్రించండి. బిల్లులో గడువు లేకపోతే లోపం ఉన్న సరుకు విషయంలో చట్టమే 30 రోజులు అంటుంది.

ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఒక మనిషి పేరు, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. మీ షాపులో మీరొక్కరే ఉంటే మీ పేరే రాయండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. షాపు చట్టబద్ధమైన పేరు, చిరునామా కూడా పేజీలో ఉండాలి. "వివాదాలన్నీ శ్రీకాకుళం కోర్టుల్లోనే" అనే వాక్యం కాపీ పాలసీల్లో తప్పకుండా కనిపిస్తుంది. అది తీసేయండి. 2019 చట్టం వచ్చాక కొన్నవాళ్లు తాము ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు, చదివినవాళ్లని భయపెడుతుంది.

ప్రైవసీ పాలసీకి నేను చేసే పద్ధతి ఒకటే. ఒక ఆర్డరు వెనకాలే నడుస్తాను. కాగితం మీద, ఆర్డరు వచ్చినప్పటినుంచి కొన్నవాళ్ల వివరాలు ఎవరి చేతుల్లోకి వెళ్తున్నాయో వరసగా రాస్తాను. పేరు, ఫోన్, చిరునామా సైటులో నింపుతారు. డబ్బు గేట్‌వే తీసుకుంటుంది. చిరునామా, ఫోన్ కొరియర్‌కి వెళ్తాయి, పార్శిల్ మీద అతికిస్తారు. వాట్సాప్‌లో మాట్లాడితే నంబరు మీ ఫోన్‌లో సేవ్ అవుతుంది. బ్లౌజు కుట్టించి ఇస్తారా? అయితే ఆవిడ కొలతలు టైలరు పుస్తకంలోకి ఎక్కాయి. ఇది చాలామందికి తట్టదు, కానీ ఆడవాళ్లకి అన్నిటికంటే పట్టింపు ఉండేది ఈ కొలతల మీదే. కుట్టడం అయ్యాక ఆ కాగితం ఏమవుతుందో రాయండి. చీర కట్టుకుని పంపిన ఫొటో ఇన్‌స్టాలో పెడుతుంటే, అడిగాకే పెడతామని రాయండి, అడగండి కూడా. సైటుకి ఎవరొచ్చారో, ఏం చూశారో ప్రకటనల కోసం గమనించే పిక్సెల్ అనే కోడ్ ఏదైనా సైటులో పెట్టి ఉంటే, సైటు చేసిచ్చిన అబ్బాయిని అడిగి తెలుసుకుని అదీ రాయండి.

ఈ కాగితం పక్కన పెట్టుకుని కాపీ పాలసీ చదివితే ఎన్ని అబద్ధాలో తెలుస్తుంది. "మీ వివరాలు ఎవరికీ ఇవ్వం" అంటుంది, కొరియర్‌కి ఇవ్వకుండా చీర ఎలా వెళ్తుంది? "మీ కార్డు వివరాలు భద్రంగా దాచుకుంటాం" అంటుంది, 2022 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం షాపులు కార్డు నంబరు దాచుకోనేకూడదు. "అడిగిన వెంటనే మీ వివరాలన్నీ చెరిపేస్తాం" అంటుంది, మీకు జీఎస్టీ ఉంటే బిల్లుల లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. నిజం చెబితే ఇలా ఉంటుంది:

"మీ పేరు, ఫోన్, చిరునామా చీర పంపడానికి తీసుకుంటాం, కొరియర్‌కి ఇస్తాం. బ్లౌజు కొలతలు మా టైలరుకి మాత్రమే ఇస్తాం, బ్లౌజు మీకు అందిన నెలకి చింపేస్తాం. మీ కార్డు నంబరు మాకు కనబడదు. రిఫండ్ కోసం ఇచ్చిన యూపీఐ ఐడీ ఆ పనికే వాడతాం. చెరిపేయమని అడిగితే బిల్లు తప్ప మిగతావి చెరిపేస్తాం, బిల్లు పన్ను చట్టం చెప్పినన్నాళ్లు ఉంచాలి. కొత్త చీరల మెసేజ్‌లు మీరు కావాలంటేనే పంపుతాం, 'వద్దు' అని పెడితే ఆపేస్తాం."

ఆ చివరి వాక్యం కోసం ఆర్డర్ పేజీలో టిక్ పెట్టె ఖాళీగా ఉండాలి, ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. 2023 డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. మనలాంటివాళ్ల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని అందులో ఉంది. తెలుగు పేజీ ఇప్పుడే రాసుకుంటే అప్పుడు టెన్షన్ ఉండదు. తెలుగు, ఇంగ్లీషు పేజీల్లో రోజుల లెక్కలు ఒకటేనా అని మాత్రం వేలుపెట్టి సరిచూసుకోండి.

రాయడం అయ్యాక వ్యాపారంతో సంబంధం లేని ఇంట్లోవాళ్లకి ఫోన్‌లో చూపించండి. నేను మా అత్తయ్యకి ఇచ్చి, "చీరకి మరక ఉంటే ఏం చేస్తావు, డబ్బు ఎప్పుడొస్తుంది, నీ కొలతలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడుగుతాను. జవాబు కోసం ఆవిడ వెతుక్కున్న చోట వాక్యం మారుస్తాను. పేజీ పైన తేదీ వేయండి, మార్చినప్పుడల్లా పాత పేజీ కాపీ దాచండి. పాత ఆర్డరు మీద ఫిర్యాదు వస్తే, ఆవిడ కొన్నరోజు పేజీలో ఏముందో అదే చెల్లుతుంది.